మోకు తెగకముందే తప్పుకోండి: ఓడను బెర్తుకు కట్టడం ఎలా

కోటిపల్లి రేవులో పంటు ఒడ్డుకు చేరేటప్పుడు చూసే ఉంటారు. ఇనప రేకు ఇంకా గట్టుకు తగలకముందే ఒక కుర్రాడు తాడు పట్టుకుని దూకేస్తాడు. గుంజకు రెండు చుట్లు తిప్పి, మడమలు బురదలో దించి లాగి పట్టుకుంటాడు. పంటు ఆగుతుంది. మన వైపు నుంచి ఓడల్లో డెక్కు పనికి వెళ్లే పిల్లలు చాలామంది ఈ అలవాటుతోనే వెళతారు. నేనూ అలాగే వెళ్లాను. ఓడ మీద ఈ అలవాటే మనిషి ప్రాణం తీస్తుంది. అక్కడ తాడుకు దగ్గరగా నిలబడేవాడు మంచి పనివాడు కాదు. తాడు బిగిసేలోపు దానికి దూరం జరిగేవాడే మంచి పనివాడు.

డెక్కు పనివాళ్లకు పెద్ద అయిన బోసన్‌గా చేసి దిగిపోయాక ఇప్పుడు తాళ్లరేవు, యానాం చుట్టుపక్కల నుంచి కొత్తగా ఓడ ఎక్కబోయే పిల్లలకు ఈ పని చెబుతున్నాను. వాళ్లకు చెప్పే వరసలోనే మీకూ చెబుతాను. మన కళ్ల ముందు ఒక ఓడను పెట్టుకుందాం. 190 మీటర్ల పొడవున్న బల్క్ క్యారియర్, బియ్యం ఎక్కించుకోవడానికి ఖాళీగా కాకినాడ డీప్ వాటర్ పోర్టుకు వస్తోంది. ఓడ ఎడమ పక్కను బెర్తుకు, అంటే ఓడను నిలిపే గట్టుకు, ఆనించి కట్టాలి. ఖాళీ ఓడ అంటాం గానీ, బరువు కోసం నింపిన నీళ్లతో కలిపి దాదాపు 30,000 టన్నులు ఉంటుంది.

ఏ తాడు ఏం పని చేస్తుంది

ముక్కు దగ్గర నుంచి ఇంకా ముందుకు, గట్టు మీదికి వెళ్లేవి హెడ్ లైన్లు. వెనక భాగం నుంచి ఇంకా వెనక్కి వెళ్లేవి స్టెర్న్ లైన్లు. ఓడకు అడ్డంగా, తిన్నగా గట్టుకు వెళ్లేవి బ్రెస్ట్ లైన్లు; ఓడ గట్టు నుంచి పక్కకు విడిపోకుండా ఇవి పట్టి ఉంచుతాయి.

కొత్తవాళ్లు తికమకపడేది స్ప్రింగ్‌ల దగ్గర. ఓడ ముందు భాగం నుంచి బయలుదేరి గట్టు మీద వెనక వైపున్న బొల్లార్డుకు, అంటే తాడు తగిలించే ఇనప గుంజకు, వెళ్లేది ముందు స్ప్రింగ్. ఓడ ముందుకు జారకుండా ఆపేది ఇదే. వెనక భాగం నుంచి ముందు వైపుకు వెళ్లేది వెనక స్ప్రింగ్, ఇది వెనక్కి పోకుండా ఆపుతుంది. స్ప్రింగ్‌లు ఓడ పక్కనే, దాదాపు సమాంతరంగా సాగుతాయి కాబట్టి ముందుకూ వెనక్కూ వచ్చే లాగుడు ఎక్కువగా వాటి మీదే పడుతుంది. అందుకే ఎక్కువసార్లు వీటినే మొదట ఇస్తారు, తెగి మనుషుల్ని కొట్టే ప్రమాదమూ వీటి దగ్గర ఎక్కువే. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ రోజు గాలిని, పోటుపాట్లను చూసి, ఓడను రేవులోకి నడిపించడానికి ఎక్కే పైలట్, కెప్టెన్ చెబుతారు. మన ఓడకు ముందు నాలుగు హెడ్ లైన్లు, రెండు స్ప్రింగ్‌లు, వెనక కూడా అదే లెక్క అనుకుందాం.

ఒకే పని చేసే తాళ్లన్నీ ఒకే రకంవై ఉండాలి. పక్కపక్కన ఉన్న రెండు స్ప్రింగ్‌లలో ఒకటి ఎక్కువ సాగేదీ, ఇంకొకటి సాగనిదీ అయితే సాగని తాడు ఒక్కటే బరువంతా మోస్తుంది, రెండోది పక్కన ఊరికే ఉంటుంది. మొదటిది తెగాకే రెండోది పనిలోకి వస్తుంది, అదీ ఒక్క కుదుపుతో. పొడవులు బాగా తేడాగా ఉన్నా ఇదే జరుగుతుంది.

పైలట్ ఎక్కకముందే చేయాల్సినవి

తాళ్లను చేత్తో తడిమి చూడండి. కళ్లతో చూస్తే సరిపోదు. పాయల మధ్య పొడిపొడిగా రాలుతుంటే లోపల ఒరిసిపోతోందని అర్థం. ఒకచోట గట్టిపడి మెరుస్తుంటే అక్కడ వేడికి కరిగి అతుక్కుపోయింది. తాడు ఓడ అంచు దాటి బయటికి పోయే ఫెయిర్‌లీడ్‌లో ఎప్పుడూ ఒరుసుకునే ముక్క, గట్టు మీద బొల్లార్డుకు తగిలించే కన్ను, ఈ రెండు చోట్లా ఎక్కువసేపు చూడండి. కొబ్బరి పీచుతో మోకు పేనిన ఊళ్ల వాళ్లం, పాడైన తాడు మన వేళ్లకు తెలియకుండా పోదు. కానీ పైన తొడుగు ఉన్న కొత్త రకం తాళ్లు మాత్రం లోపల ఎంత పాడైనా పైకి బాగానే కనబడతాయి. అది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

తర్వాత విన్చ్, అంటే తాడును లాగి చుట్టే యంత్రం. డ్రమ్ రెండు భాగాలుగా ఉంటుంది: తాడంతా చుట్టి ఉంచే పెద్ద భాగం, బరువు మోసే చిన్న భాగం. బరువు మోసే వైపు ఒక్క వరసే ఉండాలి. వరస మీద వరస పడితే తాడు డ్రమ్ మధ్య నుంచి దూరం జరుగుతుంది, అదే లాగుడుకు బ్రేకు మీద పడే బలం పెరిగి అనుకున్నదానికన్నా ముందే జారుతుంది. డ్రమ్ మీద బాణం గుర్తు ఉంటుంది, తాడు ఆ దిక్కుగానే చుట్టాలి. తిరగేసి చుడితే బ్యాండ్ బ్రేకు పట్టు సగం దాకా కూడా తగ్గిపోవచ్చు.

బ్రేకు జారడం తప్పు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. ఓడకు నిర్ణయించిన తాడు తెగే బలంలో దాదాపు 60 శాతం దగ్గర బ్రేకు జారేలా అమరుస్తారు. తాడు తెగడం కన్నా బ్రేకు జారి కాస్త తాడు వదలడం వెయ్యి రెట్లు మేలు. కొందరు పైపు తగిలించి ఇంకా బిగించేస్తుంటారు. వాళ్లు ఆ రక్షణను తమ చేతులతోనే తీసేస్తున్నారు.

ఇక ఎవరు ఎక్కడ నిలబడాలో పని మొదలవకముందే, డెక్కు మీదే, వేలితో చూపించి మాట్లాడుకోండి. సైగలు ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి. విన్చ్ దగ్గరున్నవాడు అతన్ని తప్ప ఇంకెవర్నీ చూడకూడదు. "ఆపు" అన్న మాట మాత్రం ఎవరు అన్నా అందరూ వినాలి, అది వంటవాడు అరిచినా సరే.

ఫెండర్ల దగ్గర

బెర్తు గోడకు బిగించి ఉండే పెద్ద రబ్బరు ఫెండర్లు ఓడ తాకిడిని నొక్కుకుపోయి మింగేస్తాయి. ఎంత మింగాలన్నది ఓడ వచ్చే వేగం మీద ఉంటుంది, అదీ వేగానికి వర్గంగా పెరుగుతుంది. మనిషి మెల్లగా నడిస్తే సెకనుకు 1 మీటరు పోతాడు. మన ఓడ గట్టును తాకేటప్పుడు అందులో పదో వంతు, అంటే సెకనుకు 10 సెంటీమీటర్లు ఉందనుకోండి, ఫెండర్లు తట్టుకుంటాయి. 20 సెంటీమీటర్లయితే వేగం రెట్టింపే గానీ దెబ్బ నాలుగింతలు. పైగా ఓడ ఏటవాలుగా వచ్చి ఒకే ఫెండర్ మీద వాలితే ఆ నాలుగింతలూ ఒకదాని మీదే పడతాయి. ఓడ గట్టుకు సమాంతరంగా వచ్చి నాలుగైదు ఫెండర్లను ఒకేసారి తాకాలి. అది పైలట్, ఓడను నెట్టే టగ్గు పడవల పని. ముందు భాగంలో ఉన్న మన పని దూరాన్ని ఆగకుండా చెబుతూ ఉండటం: "ఐదు మీటర్లు, నాలుగు, మూడు, ఫెండర్‌కు ఆనింది" అని.

చేత్తో వేలాడదీసే ఫెండర్ ఉంటే దాన్ని తాడుతో దించి, తాడు కట్టేసి, వెనక్కి వచ్చేయండి. లంగరు వేసిన ఓడల దగ్గరికి బార్జీలు వచ్చేటప్పుడు టైరు పక్కకు జరిగిందని కాలితో నెట్టేవాళ్లను చూశాను. ఓడకూ బార్జీకీ మధ్య కాలు కాదు, వేలు కూడా పోనివ్వకండి. టైరు పోతే ఇంకోటి వస్తుంది.

మొదటి తాడు గట్టుకు

ఓడ దాదాపు తన చోటికి వచ్చాక హీవింగ్ లైన్, అంటే మోకును గట్టుకు చేర్చే సన్న తాడు, విసరాలి. విసిరే ముందు గట్టు మీది మనుషులకు కేక వేయండి, వాళ్ల మీదికి కాకుండా పక్కకు విసరండి. చివర ఉండే ముడి ఉండలో బోల్టో, ఇనప ముక్కో దాచకండి. గాలికి ఎదురుగా బాగా పోతుందని చేస్తారు, తగిలితే కింద ఉన్నవాడి తల పగులుతుంది.

గట్టు మీద తాళ్లు అందుకునే లైన్స్‌మెన్ దాన్ని లాగుతారు, దాని వెనక మోకు కన్ను నీళ్లకు కాస్త పైగా వేలాడుతూ పోతుంది. డ్రమ్ నుంచి వాళ్లు లాగగలిగినంతే వదలండి. ఎక్కువ వదిలితే తాడు నీళ్లలో మునిగి బరువెక్కుతుంది, వెనక వైపైతే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. అదే బొల్లార్డు మీద ఇప్పటికే ఇంకొక తాడు కన్ను ఉంటే, మన కన్నును దాని కన్ను లోపలి నుంచి కిందగా పైకి తీసి అప్పుడు తగిలించాలి. అలా చేస్తే రెండింటిలో ఏదైనా ముందు తీయొచ్చు.

కన్ను బొల్లార్డు మీద పడగానే లైన్స్‌మన్ చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి చూసి వెంటనే విన్చ్ తిప్పకండి. అతను బొల్లార్డు దగ్గర నుంచి వెనక్కి నడిచి, పక్కకు పోయేదాకా ఆగండి. ఎన్ని క్షణాలు పడితే అన్ని క్షణాలు. ఆ తర్వాతే మెల్లగా, వేలాడే బరువు మాత్రం తీసేలా లాగండి.

ఇక్కడ ఒక్క మాట. ఓడను ఆపేది తాడు కాదు. ఇంజను, టగ్గులు ఓడను దాదాపు ఆపాక, మిగిలిన కాస్త జరుగుబాటును తాడు అదుపు చేస్తుంది. ఓడ ఇంకా ముందుకు నడుస్తుండగా ముందు స్ప్రింగ్‌కు బ్రేకు బిగించేసి ఆపుదామనుకుంటే, 30,000 టన్నులను ఒక్క తాడుకు అప్పగించినట్టు. అప్పుడు జరిగేదే స్నాప్ బ్యాక్, అంటే తెగిన తాడు ఎదురు కొట్టడం.

తెగిన తాడు ఏం చేస్తుంది

గట్టుకూ మనకూ మధ్య 40 మీటర్ల తాడు ఉందనుకుందాం. 30 టన్నుల లాగుడు దాని మీద పడింది, తాడు 3 మీటర్లు సాగింది. సాగిన తాడులో దాగిన శక్తిని లాగుడులో సగాన్ని సాగిన పొడవుతో గుణించి లెక్కేస్తే, 1,200 కిలోల కారు గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు దానిలో ఉండే శక్తితో సమానం. ఆ తాడు మొత్తం బరువు మాత్రం ఒక మనిషి బరువంత. అంత శక్తి అంత తక్కువ బరువులోకి ఒక్క క్షణంలో వచ్చిపడితే అది ఎంత వేగంతో ఎదురు కొడుతుందో ఊహించుకోండి. కంటికి కనబడదు. తెగాక తప్పుకుందామన్న మాటే లేదు.

నేను దగ్గరగా చూసిన ఒకసారి చెబుతాను. వేరే దేశపు రేవు. నేను బోసన్‌ని. ముందు స్ప్రింగ్ గట్టుకు వెళ్లింది, ఓడ ఇంకా కాస్త ముందుకు జారుతోంది. ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి నుంచి "స్ప్రింగ్ పట్టి ఉంచండి" అన్నారు. తాడు విన్చ్ నుంచి వచ్చి, డెక్కు మధ్యలో ఉన్న నిలువు రోలర్ చుట్టూ మలుపు తిరిగి, ఫెయిర్‌లీడ్ గుండా బయటికి పోతోంది. తాళ్లరేవు వైపు కుర్రాడొకడు, అతనికి అది మూడో ఓడ కూడా కాదు, ఆ మలుపు లోపలి వైపు నిలబడి ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, అక్కడ్నుంచి బయటికి రా!"

"ఆయ్, రోలర్ అడ్డం ఉందండి, నాకేం కాదండి."

తాడు అప్పటికే సన్నబడింది. తడి తాడు, పిండినట్టు నీళ్లు చిమ్ముతోంది. కిర్రుమని మొదలై, ఆ చప్పుడు పైకి పైకి పోతోంది. నేను వెళ్లి చొక్కా పట్టి లాగాను. ఇద్దరం విన్చ్ వెనక్కి కూడా పూర్తిగా చేరలేదు, తుపాకీ పేలినట్టు శబ్దం. తిరిగి చూస్తే తాడు చివర రోలర్‌ను దాటి వచ్చి, కుర్రాడు నిలబడ్డ చోట డెక్కు పెయింటు ఒలిచేసి పడి ఉంది. తెగింది ఫెయిర్‌లీడ్‌లో ఒరుసుకున్న ముక్క దగ్గర. ఆ ఒరుపును మేం రెండు రేవుల కిందటే చూశాం. ఇంకొక్క రేవుకు వస్తుందిలే అనుకున్నాం. అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

కుర్రాడు చెప్పిన మాటలోనే అసలు ప్రమాదం ఉంది. తాడు తిన్నగా ఉంటే తెగిన కొస దాదాపు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది, ఆ దారికి అటూ ఇటూ కూడా కొంత మేర కొడుతుంది. రోలర్ చుట్టూ మలుపు ఉంటే కొస ఆ మలుపు దగ్గర కొరడాలా విసురుకుంటుంది, మలుపు లోపల ఉన్న జాగా అంతా తుడిచేస్తుంది. 2015 మార్చి 2న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్‌లో జార్గా అనే పెద్ద గ్యాస్ ఓడ మీద ఇలాగే ఒక ఆఫీసర్ తలకు చాలా తీవ్రమైన గాయం అయింది. అక్కడ తెగింది తొడుగు ఉన్న కొత్త రకం తాడు, అదీ స్ప్రింగే. ఆ రకం తాడు తానుగా ఎక్కువ సాగదు కాబట్టి ఎదురు కొట్టదనే నమ్మకం చాలామందిలో ఉండేది. కానీ దాని చివర సాగే టెయిల్ తాడు కలిపి ఉంది, దాగిన శక్తి అందులో ఉంది. తాడు లోపలి పోగులు పాడైన సంగతి తొడుగు వల్ల పైకి కనబడలేదు. ఇలాంటి తాళ్లు తెగే ముందు నేను చెప్పిన ఆ కిర్రుమనే హెచ్చరిక కూడా ఇస్తాయని నమ్మకండి.

ఇదివరకు డెక్కు మీద పసుపు గీతలు గీసి, ఇది ప్రమాదం ఉన్న చోటు అని చూపేవారు. గీత బయట ఉన్నవాడు క్షేమమనుకుని నిశ్చింతగా నిలబడేవాడు. ఇప్పుడు తాళ్లు పని చేస్తున్న డెక్కు మొత్తాన్నీ ప్రమాద ప్రాంతంగానే చూడమంటారు. ఓడను కట్టే మోరింగ్ ఏర్పాట్ల అమరిక, తాళ్ల తనిఖీ మీద 2024 జనవరి 1 నుంచి సోలాస్ అనే అంతర్జాతీయ ఓడ భద్రతా ఒప్పందంలో కొత్త నియమాలు కూడా వచ్చాయి.

కాబట్టి తాడు బిగిసేటప్పుడు ఇలా చేయండి. మీ చోటు నుంచి తాడు దారిని కళ్లతో మొదటి నుంచి చివరి దాకా నడిపించండి: డ్రమ్, రోలర్, ఫెయిర్‌లీడ్, బొల్లార్డు. ప్రతి మలుపు దగ్గరా, ఇక్కడ తెగితే కొస ఎటు పోతుంది అని అడగండి. జవాబులో మీ చోటు ఉంటే కదలండి. డెక్కు మీద పడి ఉన్న తాడు వలయంలో, అది ఎంత వదులుగా ఉన్నా, కాలు పెట్టకండి. పని లేనివాళ్లను అక్కడి నుంచి పంపేయండి. సైగలు ఇచ్చేవాడు గట్టు వైపు తొంగి చూడాల్సి వస్తుంది, అతనికి తాడు దారిలోకి రాని చోటు ముందే వెతికి పెట్టండి. తాడు సన్నబడుతున్నా, వణుకుతున్నా, పొగలాంటిది లేస్తున్నా, పోగులు టప్‌టప్‌మంటున్నా బ్రేకు వదలడానికి ఎవరూ ముందుకు పరిగెత్తకండి. విన్చ్ దగ్గర ఉన్నవాడు ఉన్నచోటి నుంచే వదలగలిగితే వదలాలి, మిగతా అందరూ వెనక్కి రావాలి. బ్రిడ్జికి "స్ప్రింగ్ మీద చాలా బరువుంది" అని చెప్పండి. వాళ్లకు అక్కడి నుంచి తాడు కనబడదు, మీరు చెబితేనే ఇంజను వెనక్కి తిప్పుతారు.

కట్టాక

ఓడ ఫెండర్లకు ఆనిన తర్వాత తాళ్లన్నీ సమంగా బిగించి, బ్రేకు వేసి, విన్చ్ గేరు తీసేయండి. బరువును బ్రేకు మోయాలి, మోటారు కాదు. విన్చ్‌ను ఆటోమేటిక్ టెన్షన్‌లో పెట్టి పడుకోకండి. గాలికి ఒక చివర వదులుతూ ఇంకో చివర లాగుతూ ఓడ బెర్తు వెంబడి జరిగిపోతుంది.

హోప్ ఐలాండ్ అడ్డు ఉండబట్టి కాకినాడలో అలల బాధ తక్కువే. అక్కడ పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. దానికి తోడు మన ఓడ బియ్యం ఎక్కేకొద్దీ రోజూ కిందికి దిగుతుంది, తాళ్లు వదులవుతాయి. వదులైతే ఓడ గట్టు నుంచి విడిపోయి, మళ్లీ వచ్చి ఫెండర్‌ను గుద్దుతుంది, తాళ్లు ఒక్కసారిగా బిగుస్తాయి. సరుకు దించే ఓడకు ఇది తిరగబడుతుంది: ఓడ పైకి లేస్తుంది, పోటు కూడా తోడైతే అన్ని తాళ్లూ బిగిసిపోతాయి, ముందు బిగిసేవి పొట్టి తాళ్లు. కాపలాలో ఉన్నవాడు పోటు తిరిగే వేళకు ముందే తాళ్లు చూడాలి, ఒక్కొక్కటిగా, ఒక తాడు సరిచేసేటప్పుడు మిగతావి పట్టుకుని ఉండగానే. రాత్రి టార్చి వేసి చూసేటప్పుడు కూడా తాడుకు పక్కనుంచి చూడండి, దాని వరసలో నిలబడి చూడకండి.

ఒక్కసారి గట్టిగా కుదుపు తిన్న తాడును, తెగకపోయినా, నమ్మకండి. దాన్ని తీసేసి చీఫ్ మేట్‌కు చెప్పండి, రాయించండి. పక్కన పెడితే చాలదు. కన్ను కోసేయండి, తాడును కూడా చిన్న ముక్కలు చేయండి. లేకపోతే ఇంకో నెలలో మరో బోసన్ దాన్ని స్టోర్‌లో చూసి, బాగానే ఉందే అని మళ్లీ డ్రమ్ముకు ఎక్కిస్తాడు.